బట్ట కోయించే ముందు ఏఐ చూపించే రంగును ఎంతవరకు నమ్మవచ్చు?

టెక్కలి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి:
అందరికీ నమస్కారం. నేను చదువు కోసం ఎడిన్‌బరోకు వచ్చాను. మాఘమాసంలో మా అన్నయ్య పెళ్లి ఉంది. పరికిణీకి నాలుగు మీటర్ల పట్టుబట్ట విజయనగరంలో కొని, నేను వెళ్లేలోపు కుట్టించి ఉంచుతానని అమ్మ అంటోంది. కోసిన బట్టను దుకాణం వారు తిరిగి తీసుకోరు కాబట్టి ముందుగానే రంగు తేల్చుకోవాలి. నాది చామనఛాయ. ఏఐలో నా ఫొటో పెట్టి లేత గులాబి, ఆవపిండి పసుపు, వంకాయ రంగు వేయించి చూశాను. లేత గులాబి అన్నిటికంటే బాగా కనిపించింది. అదే కొనమని చెప్పవచ్చునా?

ఆమదాలవలస అన్నయ్య:
ముందు మణికట్టు దగ్గర నరాలు చూడమ్మా. పచ్చగా ఉంటే పసుపు, ఇటుక రంగు వంటివి, నీలంగా ఉంటే గులాబి, వంకాయ రంగు వంటివి నప్పుతాయి. ఇంతకంటే పరీక్ష అక్కర్లేదు.

బొబ్బిలి అప్ప (బట్టల కంపెనీలో రంగులు సరిచూసే ఉద్యోగం):
అన్నయ్య చెప్పినదాంట్లో సగం నిజముంది. ఒంటిరంగు అడుగున పసుపు ఛాయ ఉందా, ఎరుపు ఛాయ ఉందా అన్నది చూడవలసిందే. అయితే చామనఛాయ వారిలో చాలామందికి నరాలు స్పష్టంగా కనిపించవు, కనిపించినా తరచూ పచ్చకూ నీలానికీ మధ్యలో ఉంటాయి. పైగా ఛాయ ఒక్కటే చాలదు. బట్ట ఒంటిరంగుకంటే ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందన్నది కూడా అంతే ముఖ్యం. తెలుపు ఎక్కువగా కలిసిన లేత గులాబి పక్కన చామనఛాయ కొందరికి బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. అదే గులాబి కాస్త నారింజ వైపు మొగ్గితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఇక ఏఐ సంగతి. అది నీ ఫొటో మీద బట్ట ఒక్కటే మార్చి ఊరుకుంటుందని అనుకోవద్దు. చాలాసార్లు బొమ్మ మొత్తాన్ని మళ్లీ గీస్తుంది, ఆ గీయడంలో చర్మాన్ని నున్నగా, తెల్లగా చేస్తుంది. అప్పుడు లేత గులాబి నప్పింది నీకు కాదు, అది తయారుచేసిన మరో అమ్మాయికి. మధ్యాహ్నం పూట కిటికీ పక్కన, బల్బులు ఆర్పి, ఫిల్టర్లు తీసేసి, మెడ దగ్గర ఒక తెల్ల కాగితం పట్టుకుని ఫొటో తీయించుకో. “ముఖం, చర్మం, కాగితం, వెలుతురు మార్చకుండా దుస్తుల రంగు మాత్రమే మార్చు” అని రాయి. వచ్చిన బొమ్మను అసలు ఫొటో పక్కన పెట్టి, ముఖం అందం మీదకు చూపు పోకుండా మెడనూ ముంజేతినీ కాగితాన్నీ పెద్దవి చేసి చూడు. కాగితానికి గులాబి ఛాయ వచ్చినా, ముంజేయి తెల్లబడినా ఆ బొమ్మను లెక్కలోకి తీసుకోకు.

పొందూరు బాబాయి:
నేను ఆఫీసు చొక్కాల కోసం ఇలాగే చూశాను. మా ఊరి ఖద్దరు సహజంగా పాలమీగడ తెలుపులో ఉంటుంది, ఏఐ దానిని చలువ చేసిన తెలుపుగా చూపిస్తోంది. అమ్మా, ఆఫీసుకు ఏ తెలుపు మంచిదంటారు?

బొబ్బిలి అప్ప:
బాబాయ్ గారూ, అమ్మాయి అడిగింది పెళ్లి పరికిణీ గురించి. అయినా మీకు ఎదురైనది తనకూ పనికివస్తుంది. రంగు పేరు మాత్రమే రాస్తే ఏఐ తనకు తోచిన రంగు వేస్తుంది. అందుకే అమ్మాయ్, మీ అమ్మగారిని బట్టను దుకాణం గుమ్మం దగ్గర పగటి వెలుతురులోకి తెప్పించి, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయమను, రంగు పేరుకు బదులు ఆ ఫొటోనే ఏఐకి ఇవ్వు. నాకైతే ఏఐ కంటే ఇంకో మార్గం నమ్మకం: ఆ బట్ట ఫొటోను కత్తిరించి, మామూలు ఫొటో ఎడిటర్‌లో నీ గడ్డం కింద అతికించు. బొమ్మ అందంగా ఉండదు కానీ ముఖం ముఖంలాగే ఉంటుంది. ఫోన్‌లో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సెట్టింగు ఆపి చూడు.

టెక్కలి అమ్మాయి:
అప్పా, మీరు చెప్పినట్టే చేశాను. గులాబి బొమ్మలో నా ముంజేయి స్పష్టంగా తెల్లబడింది. బట్టను గడ్డం కింద అతికించి చూస్తే ముఖం వాడినట్టు ఉంది. వంకాయ రంగుతో ముఖం వెలుగ్గా కనిపిస్తోంది. ఆవపిండి పసుపు ఒంటిరంగులో కలిసిపోయింది కానీ, మెరూన్ అంచు పెడితే విడిగా తెలుస్తోంది. అయితే అమ్మ చూపించిన వంకాయ పట్టు కదిలిస్తే ఎర్రగా మెరుస్తుందట.

బొబ్బిలి అప్ప:
అది పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేసిన పట్టు అయివుంటుంది. మడత మడతకూ రంగు మారుతుంది కాబట్టి ఒక్క ఫొటోతో ఏఐ దానిని సరిగా చూపలేదు. బట్టను పగటి వెలుతురులో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ వీడియో తీసి పంపమను.

ఆమదాలవలస అన్నయ్య:
ముహూర్తం రాత్రిపూట అయితే మండపంలో పసుపు లైట్లుంటాయి. పగటి వెలుతురులో ఎంచుకున్నది అక్కడ నల్లబడదా?

బొబ్బిలి అప్ప:
వంకాయ రంగు కొంత నల్లబడుతుంది, అది నిజమే. ఆవపిండి పసుపు ఆ లైట్లలో నిలబడుతుంది. కొనే ముందు అమ్మగారిని రెండు బట్టలనూ ఇంట్లో వాడేలాంటి పసుపు బల్బు కింద కూడా చూపించమని దుకాణంలో అడగమను. ముహూర్తం ఎన్ని గంటలకో తెలిశాక మళ్లీ రాయి.