కొత్త పరిచయంలో ఫోర్ ఆఫ్ కప్స్: చెట్టు కింద కూర్చున్నది ఎవరు?

వానచినుకు

ఏడు వారాల క్రితం ఒక స్నేహితురాలి పెళ్లిలో పరిచయమైన వ్యక్తితో నా స్నేహం ఇప్పుడిప్పుడే ప్రేమ వైపు మళ్లుతోంది. నిన్న రాత్రి రైడర్ టారో డెక్‌తో మూడు కార్డులు తీశాను. మొదటిది నాకు, రెండవది అతనికి, మూడవది మా ఇద్దరి మధ్య ఉన్నదానికి అని ముందే అనుకున్నాను. వరుసగా ఫోర్ ఆఫ్ కప్స్, పేజ్ ఆఫ్ కప్స్, సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చాయి. మొదటి కార్డును చూడగానే మనసు చివుక్కుమంది, ఎందుకంటే నేను కొద్ది రోజులుగా అనుకుంటున్నది అదే. అతను పొద్దున్నే పలకరించడు, నేను పేజీడు మెసేజ్ పెడితే రెండు ముక్కల్లో జవాబిస్తాడు. నేను అందిస్తున్న ప్రేమను అతను పట్టించుకోవడం లేదని కార్డు తేల్చి చెప్పినట్టేనా? ఇలాంటి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గోదారిగట్టు

నాకు రెండేళ్ల క్రితం సరిగ్గా ఇదే కార్డు వచ్చిందండి. బొమ్మలో ఆ కుర్రవాడు చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు కదా, మేఘంలోంచి వచ్చిన చెయ్యి కప్పు అందిస్తున్నా చూడడు. మీరు ఆ చెయ్యి, అతను ఆ కుర్రవాడు. తొందరపడకుండా నెల రోజులు ఆగి మళ్లీ తీయండి. అదే కార్డు తలకిందులుగా వస్తే అతనికి తెలివి వచ్చి మీ దగ్గరికి వస్తున్నాడని అర్థం. నా విషయంలో అలాగే జరిగింది.

పాతడెక్కు

గోదారిగట్టు గారు బొమ్మను సరిగ్గానే వర్ణించారు గానీ, మనుషులను తారుమారు చేశారని నా అభిప్రాయం. వానచినుకు గారు తన ప్రశ్నలోనే స్థానాలు చెప్పారు. మొదటి కార్డు తనది. అంటే చెట్టు కింద కూర్చున్నది ఆవిడే. అతని స్థానంలో వచ్చినది పేజ్ ఆఫ్ కప్స్, అంటే చేతిలో కప్పు పట్టుకుని, అందులోంచి తల బయటపెట్టిన చేపను చూస్తూ నిలబడిన పడుచువాడు. అందించడానికి అతని దగ్గర ఏదో ఉంది, కానీ దానిని ఎలా అందించాలో ఇంకా చేతకాదు. పదిహేనేళ్లుగా ఈ కార్డులు చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ప్రేమ విషయంలో ఫోర్ ఆఫ్ కప్స్ వచ్చిన వారిలో అధికశాతం మంది దానిని వెంటనే ఎదుటివారి ఖాతాలో వేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే వేశాను. అలక్ష్యానికి గురైనవారి స్థానంలో మనల్ని ఊహించుకోవడం సులభం, అలక్ష్యం చేసేవారి స్థానంలో ఊహించుకోవడం కష్టం.

ఆ బొమ్మను మరొకసారి నింపాదిగా చూడండి. కుర్రవాడి ముందు గడ్డి మీద మూడు కప్పులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అవి ఒలికిపోలేదు. ఒలికిన కప్పులు దీని తర్వాతి కార్డులో, నల్ల వస్త్రం కప్పుకున్న మనిషి ముందు కనబడతాయి. దీని ముందు కార్డులో ముగ్గురు స్త్రీలు కప్పులెత్తి నాట్యం చేస్తుంటారు. ఆ సంబరానికీ ఆ శోకానికీ నడుమ ఉన్న కార్డు ఇది. దగ్గర ఉన్నది రుచించడం లేదు, వస్తున్నది కనబడటం లేదు. అతను నిజంగా కళ్లు మూసుకున్నాడా, లేక ఆ మూడింటినే చూస్తున్నాడా అన్నది ఆ చిన్న గీతల్లో తేలదు. నేను మాత్రం వాటినే చూస్తున్నాడని చదువుతాను.

అందువల్ల వానచినుకు గారికి రెండు ప్రశ్నలు. మీ ముందున్న ఆ మూడు కప్పులు ఏవి, అంటే ప్రేమ ఇలాగే ఉండాలని మీరు దేనితో పోల్చి చూస్తున్నారు? గడచిన పదిహేను రోజుల్లో అతను మాటలతో కాకుండా మీ కోసం చేసిన పని ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా రాయండి.

అరుగుమీద_అమ్మ

నాలుగు కప్పులంటే నాలుగు నెలలు ఆగాలని అర్థమా నాయనా? మా అబ్బాయి వచ్చిన సంబంధాలన్నీ ఫొటో కూడా సరిగ్గా చూడకుండానే వద్దంటున్నాడు. వాడి పేరు మీద తీస్తే నాకూ ఈ కార్డే వచ్చింది. వాడు ఏ నెలలో ఒప్పుకుంటాడో ఇందులో తెలుస్తుందా?

పాతడెక్కు

అమ్మా, అంకెను బట్టి నెలలు లెక్కపెట్టేవారు ఉన్నారు గానీ, నేను ఆ పద్ధతిని నమ్మను. మీ అబ్బాయికి వచ్చిన సంబంధాలు నచ్చలేదో, అసలు పెళ్లి మాటే నచ్చడం లేదో ఆయననే ఒకసారి స్థిమితంగా కూర్చోబెట్టి అడగండి. ఆయనకు తెలియకుండా తీసిన కార్డు మీ ఆరాటాన్ని చూపినంతగా ఆయన మనసును చూపదు.

వానచినుకు

పాతడెక్కు గారూ, మీ మొదటి ప్రశ్న చదివి కొంచెం కోపం వచ్చిన మాట నిజం. ఇంతకుముందు మూడేళ్ల పాటు ఒకరితో ఉన్నాను. అతను రోజుకు ముప్పై మెసేజ్‌లు పెట్టేవాడు, పుట్టినరోజుకు అర్ధరాత్రి కేకు తెచ్చేవాడు, చివరకు ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. నేను పోల్చి చూస్తున్నది దానితోనే కాబోలు.

రెండవ ప్రశ్నకు జవాబు రాయడానికి సిగ్గుగా ఉంది. పోయిన వారం నాకు గొంతు పట్టేసి జ్వరం వచ్చింది. ఎవరినీ చూడాలని లేదని అతనికి చెప్పాను. ఆ సాయంత్రం అతను కూకట్‌పల్లి నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉప్పల్‌లో దిగి, ఫ్లాస్కు నిండా మిరియాల చారు తెచ్చి, పైకి రాకుండా వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. మూతకు రబ్బరు బ్యాండుతో చీటీ చుట్టి ఉంది. ‘వేడిగా తాగండి, బాగా ఘాటు వేశాను’ అని మాత్రమే రాశాడు. నేను ‘థాంక్స్’ అని ఒక్క మాట పెట్టి, ఆ రాత్రి అతను ఎలా ఉన్నావని మెసేజ్ పెట్టలేదని స్నేహితురాలి దగ్గర వాపోయాను. ఆ ఫ్లాస్కు ఇప్పటికీ మా వంటింటి గట్టు మీద కడగకుండా అలాగే ఉంది. ఇది రాస్తూ వెళ్లి మూత తీసి చూస్తే అడుగున మిరియాలు ఎండిపోయి అంటుకుని ఉన్నాయి.

కర్కాటకం

ఈ కార్డును అందరూ ఇంత దిగులుగా చదవడం నాకు నచ్చదు. నేను వాడేది తోట్ డెక్. అందులో ఈ కార్డు పేరే లగ్జరీ, అంటే భోగం. దీనికి చెప్పిన గ్రహస్థితి కర్కాటకంలో చంద్రుడు, తన సొంత ఇంట్లో ఉన్న చంద్రుడు. ప్రేమ మొదటి రోజుల్లో ఇంతకంటే మంచి కార్డు ఏముంటుంది? అలక్ష్యం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు.

పాతడెక్కు

మీరన్న గ్రహస్థితి సరైనదే. అయితే ఆ భోగంలోనే మొహం మొత్తడం కూడా ఉంది. రెండు డెక్కులకూ మూలమైన గోల్డెన్ డాన్ సంప్రదాయం దీనిని కలగలిసిన సుఖం అన్న అర్థంలో పిలిచింది, అంటే పూర్తి సుఖం కాదు. మీ డెక్కులోని బొమ్మలో మనిషీ లేడు, మేఘంలోంచి వచ్చే చెయ్యీ లేదు. పాత మార్సెయ్ డెక్కుల్లోనూ నాలుగు కప్పులు, వాటి నడుమ పూలతీగ తప్ప కథ కనబడదు. అందించిన ప్రేమను చూడకపోవడం అన్న భావమంతా 1909లో రైడర్ డెక్కును రూపొందించిన వేట్ కోసం పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మ నుంచి వచ్చింది. కాబట్టి మీరు తోట్ డెక్కులో తీసినప్పుడు ఈ అర్థాన్ని అరువు తెచ్చుకోనవసరం లేదు, ఆవిడ రైడర్ డెక్కులో తీశారు గనుక వదులుకోనవసరమూ లేదు.

గోదారిగట్టు గారు చెప్పిన తలకిందుల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. వేట్ తన పుస్తకంలో తలకిందులైన ఈ కార్డుకు కొత్తదనం, కొత్త సంబంధాలు అన్న అర్థాలిచ్చాడు. అదే మనిషి, అదే కప్పు తిరిగి వస్తాయని ఎక్కడా అనలేదు. మీ విషయంలో అలా జరిగినందుకు సంతోషమే గానీ, కావలసిన కార్డు వచ్చేదాకా నెలనెలా తీస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తలకిందులుగా రాకమానదు.

నీలిగోరింట

ఇక్కడ అందరూ చెయ్యి చాపినవాడు మంచివాడు, చేతులు కట్టుకున్నది తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. నా అనుభవం వేరు. పోయిన ఏడాది ఒక సహోద్యోగి నాపై చాలా ఆప్యాయత చూపేవాడు. రోజూ బల్ల మీద ఏదో ఒక పువ్వు, ఏదో ఒక మిఠాయి ఉండేది. నాకు ఈ కార్డు వచ్చినప్పుడు రీడింగ్ చెప్పినావిడ ‘దేవుడిచ్చిన వరాన్ని కాలదన్నుకుంటున్నావు’ అన్నారు. ఆ మాట విని నేను ఒప్పుకుని, నాలుగు నెలలు నా మనసుకు నేనే సర్దిచెప్పుకుంటూ గడిపాను. నాకు అతనంటే మొదటి నుంచీ ఇష్టం లేదు, అంతే. అందించిన ప్రతి కప్పునూ తాగాలని ఎక్కడ రాసి ఉంది? మిరియాల చారు తెచ్చినంత మాత్రాన వానచినుకు గారు రుణపడిపోయారా?

పాతడెక్కు

మీరు లేవనెత్తినది ఈ కార్డులో అన్నిటికంటే కష్టమైన చిక్కు, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వద్దనుకోవడమూ, చూడకపోవడమూ బయటికి ఒకేలా కనబడతాయి. రెండింటిలోనూ చేతులు కట్టుకునే ఉంటాం. నేను సాధారణంగా అడిగేది ఒకటే ప్రశ్న: మిగతా కప్పుల రుచి ఎలా ఉంది? వేట్ ఈ కార్డుకు మొదట చెప్పినది అలసట, విసుగు. స్నేహితులతో మాటలు, ఇష్టమైన భోజనం, ఉద్యోగం అన్నీ చప్పబడి, ఆ చప్పదనంలోనే ఈ కొత్త మనిషి కూడా కలిసిపోతే, అది నేను చూడకపోవడం కిందికి తీసుకుంటాను. మిగతా జీవితమంతా రుచిగానే ఉండి, ఈ ఒక్క కప్పు దగ్గరే చెయ్యి వెనక్కి వస్తుంటే, అది తిరస్కారం. మీ విషయంలో జరిగినది రెండవది అనిపిస్తోంది, మీకు చెప్పినావిడ మొదటిదిగా చదివారు. ఈ పరీక్ష కూడా అన్నిసార్లూ పని చేయదు, ఎందుకంటే అలసట, అయిష్టం రెండూ కలిసి ఉన్నవారిని నేను చూశాను. ఇక మూడవ స్థానంలోని సెవెన్ ఆఫ్ పెంటకిల్స్‌లో తోటమాలి పలుగుకర్ర మీద వాలి తీగను చూస్తూ నిలబడ్డాడు. వానచినుకు గారు ఏదో ఒకటి ఈ వారమే తేల్చుకోవాలని ఆ కార్డు తొందరపెట్టడం లేదు.

నీలిగోరింట

పరీక్ష బాగుంది గానీ, అలసిపోయిన మనిషికి తాను అలసిపోయానన్న సంగతి తెలిస్తే కదా?

వానచినుకు

నీలిగోరింట గారి ప్రశ్న నన్ను రెండు రోజులు వదలలేదు. నిజం చెప్పాలంటే ఆరు నెలలుగా నాకు ఏదీ పెద్దగా రుచించడం లేదు, ఆదివారం సినిమాకు పిలిచినా బద్ధకంగానే ఉంటోంది. అయినా అతనంటే అయిష్టం లేదు. అతను వస్తున్నాడంటే జుట్టు దువ్వుకుంటాను, దానికి ఏ పేరు పెట్టాలో ఇంకా తెలియదు.

నిన్న ఫ్లాస్కులో వేడినీళ్లు, సోడా ఉప్పు వేసి నానబెట్టి కడిగాను. సాయంత్రం అతను వచ్చినప్పుడు చేతికిస్తూ, ఆ రోజు చారు మొత్తం తాగాననీ, సరిగ్గా చెప్పలేకపోయాననీ అన్నాను. అతను మూత తీసి వాసన చూసి, ‘అమ్మయ్య, ఇది మా అక్కది, వారం నుంచి నన్ను తిడుతోంది’ అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం చారులో ఘాటు ఎక్కువైందా అని అడిగాడు.