స్కూల్ ఫీజు కార్డు మీద కడితే మిగిలేదెంత, పోయేదెంత?

సెకండ్ టర్మ్ అమ్మ: మా అబ్బాయి రెండో టర్మ్ ఫీజు ₹60,000, నెలాఖరులోగా కట్టాలి. నా క్రెడిట్ కార్డు వార్షిక ఫీజు జీఎస్టీతో కలిపి ₹1,180. ఏడాదికి రెండు లక్షలు వాడితే మాఫీ. ఇంకా ₹55,000 తక్కువ పడుతోంది. ఒక పేమెంట్ యాప్‌లో స్కూల్ ఫీజు కార్డుతో తీసుకుంటున్నారు. అందులో కట్టేస్తే ఫీజూ తీరుతుంది, టార్గెట్టూ పూర్తవుతుంది కదా? మావారు వద్దంటున్నారు, ఎందుకో మాత్రం చెప్పరు.

అద్దెకొంప: మీవారికి లెక్క రాదేమో అండి, ఏమనుకోకండి. ఆ యాప్‌లు తీసుకునేది ఒకటిన్నర శాతం. అరవై వేలకి ₹900. మాఫీ అయ్యేది ₹1,180. ₹280 మిగులు, పైగా పాయింట్లు. నేను ఏడాదిన్నర ఇంటి అద్దె ఇలాగే కట్టాను. త్వరగా కానివ్వండి. ఆర్‌బీఐ కార్డుతో అద్దె కట్టడాన్ని నిషేధించింది, రేపో మాపో స్కూల్ ఫీజు వంతు.

ఫీజు కౌంటర్: నేను తొమ్మిదేళ్లుగా ఒక స్కూల్ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఏటా జూన్‌లోనూ నవంబర్‌లోనూ ఇదే పంచాయితీ మా కౌంటర్ దగ్గర జరుగుతుంది. అద్దెకొంప గారి లెక్కలో మొదటి సగమే ఉంది.

యాప్ ఒకటిన్నర శాతం అంటే ₹900 అని అక్కడే ఆగిపోకూడదు. దానిమీద 18 శాతం జీఎస్టీ ₹162. కార్డు మీద పడే మొత్తం ₹61,062. కట్టేటప్పుడు తెర మీద కనిపించేది ఇదే కాబట్టి అందరూ ఖర్చు ఇంతే అనుకుంటారు. రెండో ఖర్చు బ్యాంకుది. అది ఆ రోజు ఎక్కడా కనిపించదు, స్టేట్‌మెంట్‌లో వేరే వరుసగా వస్తుంది. ఎస్‌బీఐ కార్డ్ 2025 నవంబర్ 1 నుంచి, ఇలాంటి యాప్‌ల ద్వారా కట్టే చదువుల ఫీజు మీద 1 శాతం తీసుకుంటోంది. హెచ్‌డీఎఫ్‌సీ 2024 ఆగస్టు నుంచే ఇలాంటి నియమం పెట్టింది. మీ బ్యాంకుకి కూడా ఆ నియమం ఉందనుకుందాం. 1 శాతాన్ని ₹60,000 మీద కాదు, కార్డు మీద పడ్డ ₹61,062 మీద లెక్కేస్తారు. అంటే దాదాపు ₹611, దానిమీద జీఎస్టీ ₹110. యాప్‌దీ బ్యాంకుదీ కలిపి ₹1,783.

ఇప్పుడు మాఫీ అయ్యే ₹1,180 తీసేయండి. మీరు ₹603 నష్టంతో ఆగారు. అదీ ఈ ఖర్చును బ్యాంకు మీ రెండు లక్షల టార్గెట్‌లో లెక్కిస్తేనే. చాలా కార్డులు అద్దెను ఆ లెక్కలోంచి ఎప్పుడో తీసేశాయి. చదువుల ఫీజు విషయంలో కార్డు కార్డుకీ తేడా ఉంటుంది. లెక్కించకపోతే ₹1,783 పోతుంది, వార్షిక ఫీజు కూడా పడుతుంది.

అద్దెకొంప: పాయింట్లు వదిలేశారేంటండీ మీరు?

ఫీజు కౌంటర్: వదల్లేదు. అక్కా, మీ కార్డులో వంద రూపాయలకి ఎన్ని పాయింట్లు, పాయింట్ విలువెంత?

సెకండ్ టర్మ్ అమ్మ: వందకి ఒకటి. పావలా.

ఫీజు కౌంటర్: అయితే అరవై ఒక్క వేలకి 610 పాయింట్లు, ₹152. నిజంగా ఇస్తే సంగతి అది. ముందు మీ కార్డు షరతుల్లో పాయింట్లు రాని ఖర్చుల జాబితా తీసి చూడండి. అద్దె దాదాపు ఎప్పుడూ అందులో ఉంటుంది, యాప్‌లో కట్టిన స్కూల్ ఫీజు కొన్ని కార్డుల్లో ఉంటుంది.

ఇక ఆర్‌బీఐ నిషేధం మాట. ఆర్‌బీఐ అద్దెని పేరుపెట్టి ఎక్కడా నిషేధించలేదు. 2025 సెప్టెంబర్ 15 నాటి ఆదేశాల ప్రకారం పేమెంట్ అగ్రిగేటర్లు, అంటే మన దగ్గర డబ్బు తీసుకుని వ్యాపారులకి చేరవేసే కంపెనీలు, తమతో నేరుగా ఒప్పందం ఉండి, కేవైసీ పూర్తయిన వ్యాపారుల డబ్బు మాత్రమే చేరవేయాలి. ఇంటి ఓనరు వ్యాపారి కాదు, మామూలు మనిషి. అందుకే పెద్ద యాప్‌లు కార్డుతో అద్దె తీసుకోవడం ఆపేశాయి. స్కూలు అలా కాదు, నమోదైన సంస్థ. అద్దెకి పట్టిన గతి దీనికీ పడుతుందని తొందరపడక్కర్లేదు.

మూడో నంబర్ ఫ్లాట్: నా అనుభవం చెప్తాను. మా పాప ఫీజు ఆఖరి రోజు ఒక యాప్‌లో కట్టాను. డబ్బు కార్డులోంచి వెంటనే వెళ్లిపోయింది, స్కూలు ఖాతాలో పడలేదు. నాలుగు రోజులు యాప్ వాళ్లకి మెసేజ్‌లు, స్కూలుకి ఫోన్లు. స్కూలు వాళ్లు రసీదు ఇవ్వలేదు, ఆలస్య రుసుము ₹500 వేశారు. ఐదో రోజు డబ్బు చేరింది, ₹500 మాత్రం వెనక్కి రాలేదు. ఇద్దరూ తప్పు నాదేనన్నట్టు మాట్లాడారు. ఆ టెన్షన్‌కి ఏ పాయింటూ సరిపోదు. నెలాఖరు గడువు అంటున్నారు కదా, కనీసం వారం ముందు కట్టండి.

బడ్జెట్ బాబాయ్: అమ్మా, ఫీజుని ఈఎంఐ చేసుకోండి, వాయిదాల్లో కట్టొచ్చు. నేను టీవీ అలాగే కొన్నాను, వడ్డీ పడలేదు.

సెకండ్ టర్మ్ అమ్మ: బాబాయ్ గారూ, నాకు వాయిదాలు అక్కర్లేదు. డబ్బు ఖాతాలో ఉంది.

బడ్జెట్ బాబాయ్: ఓహో, డబ్బుందా? నేను లేదనుకున్నాను. అయితే ఎందుకమ్మా ఈ తిప్పలు, నెట్ బ్యాంకింగ్‌లో పంపేయండి.

ఫీజు కౌంటర్: బాబాయ్ గారు ప్రశ్న సరిగ్గా చదవకపోయినా చివరికి సరైన చోటికే వచ్చారు. కానీ కార్డుని పూర్తిగా తీసిపారేయక్కర్లేదు. అదే కార్డుని ఏ దారిలో వాడుతున్నామన్నదే అసలు సంగతి.

చాలా స్కూళ్లకి సొంత ఫీజు పేజీ ఉంటుంది, ఆఫీసులో స్వైపింగ్ మెషీన్ ఉంటుంది. నేను పైన చెప్పిన రెండు బ్యాంకులూ స్కూలు వెబ్‌సైట్‌లోనో, స్కూల్లో ఉన్న మెషీన్ మీదో నేరుగా కడితే ఆ 1 శాతం తీసుకోవు. స్కూలు పేజీ కన్వీనియెన్స్ ఫీజు వేయొచ్చు, అది వేరే. 1 శాతం వేస్తే ₹600, జీఎస్టీతో ₹708. రెండో దెబ్బ ఉండదు. అంటే యాప్‌లో పోయే ₹1,783కి బదులు ₹708. పైగా టార్గెట్‌లో లెక్కించే అవకాశం ఎక్కువ. లెక్కిస్తే ₹1,180 మాఫీ, నికరంగా ₹472 మీకే మిగులు. అద్దెకొంప గారు చెప్పిన లాభం అసలు ఇక్కడుంది.

నేరుగా కట్టామా లేదా అన్నది మన మాట మీద కాదు, స్టేట్‌మెంట్‌లో పడ్డ పేరు మీద ఆధారపడుతుంది. బ్యాంకు దగ్గర ప్రతి వ్యాపారికీ ఒక వర్గం కోడ్ ఉంటుంది, బడులకి 8211, అద్దెకి 6513. కోడ్‌తో పాటు పేరు కూడా చూస్తారు. స్కూలు పేరు పడితే సరే. యాప్ పేరు పడితే 1 శాతం వస్తుందనే అనుకోవాలి. స్కూలు పేజీలాగే కనిపించి, కట్టే సమయానికి వేరే కంపెనీ తెరకి తీసుకెళ్లేవీ ఉన్నాయి, అక్కడే మోసపోతాం. వీలైతే ముందు బస్సు ఫీజు లాంటి చిన్న మొత్తం ఒకటి కట్టి, స్టేట్‌మెంట్ వచ్చాక ఏ పేరు పడిందో, వేరే ఛార్జీ వచ్చిందో చూసుకోండి. గడువు దగ్గర పడితే ఈ పరీక్షకి టైముండదు, అదొక ఇబ్బంది.

జీతం ఏడో తారీకు: అందరూ డబ్బు ఖాతాలో ఉన్నవాళ్ల లెక్కలే చెబుతున్నారు. నాకు జీతం ఏడో తారీకున పడుతుంది, ఫీజు గడువు ముప్పై. నేను యాప్‌లో ₹1,783 కట్టినా అది పాయింట్ల కోసం కాదు, అరవై వేలు ఎవర్నీ అడక్కుండా ఉండటం కోసం. మా బావమరిదిని అడిగి మాటపడే కన్నా ఇదే నయం.

ఫీజు కౌంటర్: మీ మాట అర్థమైంది. కానీ లెక్క తెలిసి చేయండి. ₹1,783 అంటే దాదాపు 3 శాతం. కార్డు బిల్లు తేదీ దాటిన వెంటనే కడితే తిరిగి చెల్లించడానికి 45 రోజుల వరకూ దొరకొచ్చు, అలా చూసినా ఏడాదికి 24 శాతం వడ్డీ. బిల్లు తేదీకి ముందు రోజు కడితే ఇరవై రోజులే చేతిలో ఉంటాయి. అప్పుడు 54 శాతం. కట్టే తేదీ మారితే అదే ₹1,783 రెట్టింపు ఖరీదవుతుంది. పైగా గడువులో మొత్తం బిల్లు కట్టలేకపోతే, అసలు ఆ వడ్డీలేని రోజులే పోతాయి. ఆ నెల కిరాణా మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ.

జీతం ఏడో తారీకు: అంత లెక్క నాకు ఒప్పే. కానీ ఏడాదికి ఎంత అన్నది నాకు అనవసరం, నేను అప్పు తీసుకునేది వారం రోజులకి. ఆ వారానికి ₹1,783.

మూడో నంబర్ ఫ్లాట్: వారం అప్పుకి ₹1,783 అంటే నాకు చాలా ఎక్కువే. స్కూలు వాళ్లని ఏడో తారీకు వరకూ అడిగి చూశారా? మా దగ్గర లెటర్ రాసిస్తే ఒప్పుకున్నారు.

జీతం ఏడో తారీకు: అడిగాను. మొదటిసారి ఒప్పుకున్నారు, రెండోసారి ఆలస్య రుసుము వేశారు. అది ₹1,000.

బడ్జెట్ బాబాయ్: ₹1,783 కన్నా ₹1,000 తక్కువ కదయ్యా.

జీతం ఏడో తారీకు: తక్కువే. కానీ ఆలస్య రుసుము పడ్డ పిల్లల పేర్లు క్లాసులో చదివారు. మా వాడు ఇంటికొచ్చి ఏడ్చాడు. దానికెంత కడతారు మీరు?

అద్దెకొంప: సరే, నా ఏడాదిన్నర అద్దె లెక్క మళ్లీ తీస్తున్నాను. అప్పుడు బ్యాంకు ఫీజు వరుస ఒకటి నెలనెలా పడిందని ఇప్పుడు చూస్తే కనిపిస్తోంది. నేను జీఎస్టీ అనుకుని వదిలేశాను. పాయింట్లు ఒక్క నెల కూడా రాలేదు.

సెకండ్ టర్మ్ అమ్మ: మా స్కూలుకి సొంత పేజీ ఉందట, ఇప్పుడే చూశాను. కార్డుకి 1.2 శాతం, జీఎస్టీ అదనం. నెట్ బ్యాంకింగ్‌కి ₹20. యూపీఐకి ఏమీ లేదు. ఆఫీసులో మెషీన్ ఉంది గానీ క్రెడిట్ కార్డు తీసుకోరట.

ఫీజు కౌంటర్: 1.2 శాతం అంటే ₹720, జీఎస్టీతో ₹850. మాఫీ వస్తే ₹330 మిగులు, రాకపోతే ₹850 పోయినట్టు. రెండు లక్షల లెక్కలో చదువుల ఫీజు ఉందో లేదో బ్యాంకుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత నిలబడదు. జవాబు గడువులోగా రాకపోతే యూపీఐలో కట్టేసి, మిగిలిన ₹55,000 మామూలు ఖర్చులతో ఎంత నింపగలరో చూసుకోండి.

సెకండ్ టర్మ్ అమ్మ: మెయిల్ పెట్టాను. మావారికి ఈ థ్రెడ్ చూపించాను, "నేను చెప్పిందదేగా" అన్నారు. ఏం చెప్పారో ఇప్పటికీ నాకు తెలీదు.