‘నిన్ను మిస్ చేస్తున్నం’ అనాల్నా, ‘మిస్ అయితున్నం’ అనాల్నా?

నల్లగొండ క్లర్కు: మా సెక్షన్ల ఒక అన్నకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది, ఇంకా దవాఖానలనే ఉన్నడు. ఆయనది గుంటూరు దిక్కు. మాకు ఆయనతోని నువ్వు అనుకునే చనువు ఉంది. అందరి తరఫున నవ్వుకుంట చదివేటట్టు ఒక మెసేజ్ రాసిన, పంపే ముందు జర చూడుండ్రి:

‘అన్నా, ఆపరేషన్ సక్సెస్ అయిందట, కంగ్రాట్స్! ఇప్పుడు పాణం ఎట్లున్నది? నిన్ను బాగ మిస్ చేస్తున్నం. చాయ్ టైముకు నీ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జల్ది రికవరీ అయ్యి రా. పైలం.’

‘మిస్ చేస్తున్నం’ కాడ మా టేబుల్ మీద రెండు పార్టీలైనయ్.

దేవరకొండ దోస్తు: నువ్వు రాసిందే కరెక్ట్. ఇంగ్లీషు క్రియ వస్తే మనం పక్కన ‘చేయి’ పెడతం. కాల్ చేసిన, ఫార్వర్డ్ చేసిన, కట్ చేసిన. అట్లనే మిస్ చేసిన. ‘మిస్ అయితున్నం’ అంటే మనమే ఏదో జాతరల తప్పిపోయినట్టు ఉంటది.

పాలమూరు పంతులు: సగం నిజం. ‘చేయి’ ఒక్కటే కాదు, ‘అవు’ కూడా పెడతాం. డాక్టరు అడ్మిట్ చేసిండు, అన్న అడ్మిట్ అయిండు. వాళ్లు డిశ్చార్జ్ చేస్తరు, ఈయన డిశ్చార్జ్ అయితడు. పని ఎవరి చేతిలో ఉందో వాళ్లకు ‘చేయి’, ఎవరికి జరిగిందో వాళ్లకు ‘అవు’. ఇప్పుడు ‘మిస్’ దగ్గరికి రండి. ‘బస్సు మిస్ చేసిన’ అంటే నేను ఆలస్యంగా లేచినానని ఒప్పుకున్నట్టు. ‘బస్సు మిస్ అయింది’ అంటే తప్పు ఎవరిదో చెప్పకుండా దాటేసినట్టు. రెండూ జారిపోవడమే, బాధ లేదు. మనిషి లేక మనసుకు వెలితిగా ఉండటం మనం చేసే పని కాదు, మనకు అయ్యేది. అందుకని ‘నిన్ను మిస్ అయితున్నం’. ‘నిన్ను మిస్ చేస్తున్నం’ అంటే ఆయన్ని ఎక్కడో కావాలని వదిలేసి వచ్చినట్టు వినిపిస్తుంది.

ఇందులో ఒక తమాషా చూడండి. మన సొంత ‘అవు’ పక్కన ‘నిన్ను’ అనేది కుదరదు. ‘నిన్ను బాధ అయితుంది’ అని ఎవరూ అనరు, ‘నీ గురించి బాధ అయితుంది’ అంటారు. ‘మిస్’ మాత్రం ఇంగ్లీషులో తనకున్న కర్మను వెంటబెట్టుకొనే మన ఇంట్లోకి వచ్చింది. అందుకే ‘నిన్ను’, ‘అయితున్నం’ ఒకే వాక్యంలో పక్కపక్కనే కూర్చున్నాయి.

దేవరకొండ దోస్తు: మరి ‘ఎంజాయ్ చేసిన’ ఎందుకంటరు? ‘లైక్ చేసిన’? అవి కూడా మనసుల అయ్యేటివే గద. ‘ఫీల్’ అంటే మాత్రం ‘ఫీల్ అయిన’.

పాలమూరు పంతులు: ‘లైక్ చేసిన’ అంటే ఇప్పుడు ఎక్కువగా వేలితో నొక్కడమే, అది పనే. ‘ఎంజాయ్’ దగ్గర మాత్రం నా సూత్రం తెగింది, ఒప్పుకుంటాను.

మిర్యాలగూడ మాట: మీరు ‘మిస్’ పట్టుకొని కూసున్నరు, అసలు ప్రమాదం దాని కింది వాక్యంల ఉంది. ‘నీ లోటు’ తీసెయ్యి తమ్మీ, వెంటనే. పేపర్ల ‘లోటు’ అంటే దాని ముందల ‘తీరని’ ఉంటది, పైన దండేసిన ఫోటో ఉంటది. సెలైన్ పెట్టుకొని పండుకున్నాయనకు అది పంపుతవా? ‘నువ్వు లేక చాయ్ బల్ల బోసిగ ఉంది’ అను. బోసి అంటే నవ్వొస్తది, పండ్లూడిన నోరు యాదికొస్తది.

వనపర్తి వదిన: మా పెద్ద సార్ వాళ్ల అమ్మ పోయింది, నేను కూడా మెసేజ్ పెట్టాలె. అయితే నేను ‘బోసి’ అని రాయాల్నా?

మిర్యాలగూడ మాట: అయ్యో లేదు వదినా! ఇది ఆపరేషన్ అయ్యి బతికున్నాయనకు. మీదాంట్ల లోటు అనే రాయండి, అక్కడ అదే సరైన మాట. బోసి వద్దంటే వద్దు.

పాలమూరు పంతులు: మిర్యాలగూడ వారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. అదే వరుసలో మొదటి వాక్యం కూడా చూడండి. ‘ఆపరేషన్ సక్సెస్’ అనగానే చదివేవాళ్ల నోట్లో ‘పేషెంట్ డెడ్’ అనే రెండో సగం తనంతట తానే పలుకుతుంది. అంత పాత జోకు అది. ‘ఆపరేషన్ మంచిగయిందట’ అంటే ఆ తోక ఊడిపోతుంది. ‘కంగ్రాట్స్’ కూడా ప్రమోషన్‌కి దాచుకోండి.

నల్లగొండ క్లర్కు: ఇగ ‘పాణం’ సంగతి? మా దిక్కు రోజూ అనే మాటే. పాణం మంచిగ లేదంటే వట్టి జ్వరం కూడా కావచ్చు.

పాలమూరు పంతులు: మనకు అంతే. ప్రాణంలో రకారం జారి పాణమైంది. బ్రతుకు బతుకైనట్టు, ప్రొద్దు పొద్దయినట్టు. రకారంతో పాటు భయం కూడా జారిపోయింది, అది ఒంటికి, ఆరోగ్యానికి పేరుగా మిగిలింది. గుంటూరు దిక్కు ఆ మాటకు ‘ఒంట్లో ఎలా ఉంది’ అంటారు. వాళ్లకు ప్రాణం అంటే పోయేదీ, మీదికి వచ్చేదీ. అన్నకు మన మాట అలవాటే అయి ఉంటుంది. కానీ దవాఖానలో ఫోను ఆయన చేతిలో ఉండదు, ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లమ్మ చదివితే ‘ప్రాణం దాకా వచ్చిందా, నాకు చెప్పలేదే’ అని కంగారు పడుతుంది.

మిర్యాలగూడ మాట: మేం క్రిష్ణకు ఇవతలి ఒడ్డున ఉంటం కాబట్టి ‘ఒంట్లో బాగలేదు’ మాకూ అలవాటే. కానీ ‘పాణం’ తీసేస్తే నల్లగొండ వాసన పోతది. నేనైతే ఉంచమంట. లేకుంటే ‘తబియత్ ఎట్లుంది’ అను, ఎవరూ భయపడరు.

పాలమూరు పంతులు: ‘రికవరీ’ మాట మర్చిపోయాం. ఆఫీసులో రికవరీ అంటే జీతంలో కోసేది, బ్యాంకులో లోను వసూలు. ‘రికవరీ అయ్యి రా’ అంటే ఆయన బకాయి పడ్డట్టుంది. ‘రికవర్ అయ్యి’ అంటే సరిపోతుంది. ‘మంచిగయ్యి రా’ ఇంకా మేలు. ‘కోలుకోవాలని ఆకాంక్షిస్తున్నాం’ జోలికి మాత్రం పోకండి, అది ఫ్లెక్సీ మీది మాట.

దేవరకొండ దోస్తు: ‘పైలం’ ఉర్దూ మాట కదా? ఆయనకు అర్థమైతదా?

పాలమూరు పంతులు: ఉర్దూ అనుకోను. నా చెవికి ‘పదిలం’ తమ్ముడిలా వినిపిస్తుంది, మధ్యలో దకారం కరిగినట్టుంది.

దేవరకొండ దోస్తు: చెవి మాట సాక్ష్యం కాదు పంతులూ.

మిర్యాలగూడ మాట: ఎక్కడిదైతేంది, ‘టేక్ కేర్’ కంటె పొట్టిగ ఉంది. ఒకటి మాత్రం యాది పెట్టుకో తమ్మీ. అపెండిక్స్ కుట్లు పొట్ట మీదనే ఉంటయ్, నవ్వితే గుంజుతయ్. ఒకటే జోకు పెట్టు, రెండోది డిశ్చార్జ్ అయినంక.

నల్లగొండ క్లర్కు: ఇగో, ఇట్ల మార్చిన:

‘అన్నా, ఆపరేషన్ మంచిగయిందట, విని అందరం నిమ్మలమైనం. ఇప్పుడు ఒంట్లో ఎట్లుంది? నిన్ను బాగ మిస్ అయితున్నం, నువ్వు లేక చాయ్ బల్ల బోసిగ ఉంది. నీ వంతు బిస్కెట్లు మాత్రం బోసిపోకుండ మేమే చూసుకుంటున్నం. ఫైళ్ల ఫికర్ పెట్టుకోకు, రెస్ట్ తీసుకో. మంచిగయ్యి రా. పైలం.’

‘పాణం’ తీసేసిన, వాళ్లమ్మ దగ్గరనే ఉందట.

మిర్యాలగూడ మాట: తీసేస్తివా! సరే, బిస్కెట్లు బాగున్నయ్. పంపు.