అప్‌డేట్: తాతయ్య రేడియో మళ్లీ గట్టిగా మోగుతోంది

నా ప్రశ్న: "తాతయ్య పాత ట్రాన్సిస్టర్ రేడియోలో స్టేషన్లు స్పష్టంగానే పడుతున్నాయి. కానీ వాల్యూమ్ పూర్తిగా పెంచినా చెవి ఆనిస్తేనే వినిపిస్తోంది. ఎక్కడ చూడాలి?"

దొరికింది! ఆడియో డ్రైవర్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గరున్న బైపాస్ కెపాసిటర్ ఎండిపోయింది. మీటర్‌తో చూస్తే వోల్టేజీలన్నీ సరిగ్గానే ఉండటంతో రెండు రోజులు ఆ వైపే చూడలేదు. అందులోంచి డీసీ ఎలాగూ పోదు కాబట్టి, అది పనిచేయకపోయినా ఆ వోల్టేజీలు మారవని ఇప్పుడు అర్థమైంది.

ఎమిటర్‌కు 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. ట్రాన్సిస్టర్ వేడెక్కినా కరెంటు అదుపు తప్పకుండా చూడటం దాని పని. అయితే పాట సిగ్నల్ కూడా దానిలోంచే పోవాల్సి వస్తే, అక్కడ పుట్టే వోల్టేజీ ఇన్‌పుట్‌కే ఎదురు నిలబడి గెయిన్‌ను పడగొడుతుంది. పక్కన ఉండే 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 1000 హెర్ట్జ్ దగ్గర సుమారు 3.4 ఓమ్‌లే అడ్డు. సిగ్నల్ అటు నుంచి పోతుంది, రెసిస్టర్ తన పని తాను చేసుకుంటుంది.

పాతది ఊడదీయకుండానే, ప్లస్ మైనస్ చూసుకుని కొత్త కెపాసిటర్‌ను దాని కాళ్లకు ఆనించాను. ఒక్కసారిగా వార్తలు గదంతా వినిపించాయి. వెనక నుంచి తాతయ్య, "ఒరేయ్, చెయ్యి తీయకురా!" అన్నారు.