నార్మలైజేషన్‌లో సగటు తేడా కలిపితే సరిపోదా? స్టాండర్డ్ డీవియేషన్ ఎందుకు?
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఒకే ఎంట్రన్స్‌ని నేను ఉదయం సెషన్‌లో, మా చెల్లి మధ్యాహ్నం సెషన్‌లో రాశాం. మార్కులు ఎలా సరిచేస్తారో విజయవాడలో మా కోచింగ్ సార్ ఒక ఊహా లెక్కతో బోర్డు మీద చూపించారు.

ఉదయం సగటు 60, స్టాండర్డ్ డీవియేషన్ 20. మధ్యాహ్నం సగటు 50, డీవియేషన్ 10. నాకు 80, చెల్లికి 65 అనుకుందాం. సగటు తేడా 10 కలిపితే చెల్లికి 75, అంటే నేనే ముందు. కానీ డీవియేషన్‌తో భాగిస్తే నాది (80−60)/20 = 1, తనది (65−50)/10 = 1.5. చెల్లే ముందుంది! మధ్యాహ్నం మార్కులన్నీ సగటు దగ్గరే గుమిగూడాయి కాబట్టి అక్కడ 15 ఎక్కువ తెచ్చుకోవడమే కష్టమన్నారు. అంతవరకు అర్థమైంది, న్యాయంగానే అనిపించింది.

నన్ను తొలిచేస్తున్నది వేరే. రెండు సెషన్లలోనూ ఒకే స్థాయి పిల్లలు ఉంటేనే కదా ఈ లెక్క నిలిచేది? మధ్యాహ్నం సగటు తగ్గింది పేపర్ కష్టమై కాకుండా, బాగా చదివేవాళ్లు ఉదయానికే ఎక్కువమంది పడడం వల్లైతే, మాలాంటి ఉదయం వాళ్లు ఊరికే నష్టపోతాం. సెషన్లను ర్యాండమ్‌గా కేటాయించి, ఒక్కో దాంట్లో వేలమంది ఉంటే ఈ తేడా దాదాపు పోతుందా? కొన్ని వందలమందే ఉన్న సెషన్ సంగతేంటి? స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.