“సంతులన నిబంధనలు పౌనఃపున్యంపై ఆధారపడవు”: ఈ వాక్యంలో ఏది దేనిపై ఆధారపడదు?

అనంతపురం అక్షరాలు: మా తమ్ముడు ఇక్కడే ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు. వాడి తెలుగు నోట్సులో, కాయిల్ ఇండక్టెన్స్‌నూ నిరోధాన్నీ కొలిచే మాక్స్‌వెల్ బ్రిడ్జి దగ్గర పై వాక్యం ఉంది. ఏ ఫ్రీక్వెన్సీ పెట్టినా కాయిల్ విలువలు మారవని వాడు అర్థం చేసుకున్నాడు. ల్యాబ్‌లో చూస్తే మల్టీమీటర్ కాయిల్‌కు 62 ఓమ్‌లు చూపించింది, 1000 హెర్ట్జ్ దగ్గర బ్రిడ్జి లెక్కలో 80 వచ్చింది. తప్పు వాక్యానిదా, వాడి లెక్కదా? వాడి రీడింగులు ఇవి: R2, R3 రెండూ 1000 ఓమ్‌లు, కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, దాని పక్కనున్న R1 12,500 ఓమ్‌ల దగ్గర హెడ్‌ఫోన్‌లో శబ్దం ఆగింది. కాయిల్ ఇనప కోర్ ఉన్న చోక్.

కర్నూలు కోట: ఇందులో చర్చించడానికి ఏముంది? ఆధారపడదంటే ఫ్రీక్వెన్సీ అక్కర్లేదని. సున్నా కూడా ఒక ఫ్రీక్వెన్సీనే. ఆసిలేటర్ తీసేసి బ్యాటరీ పెట్టుకోమను, సులువుగా తేలిపోతుంది.

తాడిపత్రి వైండింగ్: నాది వేరే సంగతన్నా. బోరు మోటార్లు చుట్టే పని నాది. లోపల ఒక్క చుట్టు షార్ట్ అయితే మల్టీమీటర్‌లో ఏమీ తెలియదు, రీడింగ్ మామూలుగానే ఉండాది. ఈ బ్రిడ్జిలో అది దొరుకుతుందా?

కడప మేడం: ముందు తమ్ముడి లెక్క చూద్దాం. బ్రిడ్జికి నాలుగు చేతులు. ఒక చేతిలో కాయిల్. దానికి ఎదురుగా ఉన్న చేతిలో R1, కెపాసిటర్ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. మిగతా రెండు చేతులూ ఉత్త రెసిస్టర్లు. శబ్దం ఆగడమే సంతులనం, అక్కడ

Lx = R2 × R3 × C1
Rx = R2 × R3 ÷ R1

వాడి అంకెలు వేస్తే Lx 0.1 హెన్రీ, అంటే 100 మిల్లీహెన్రీలు. Rx పది లక్షలను 12,500తో భాగిస్తే 80 ఓమ్‌లు. లెక్క శుభ్రంగా ఉంది.

ఇక వాక్యానికి వద్దాం. అందులో కర్త “నిబంధనలు”. కాయిల్ కాదు. పై రెండు సూత్రాల్లో ఫ్రీక్వెన్సీ కనిపించదన్న సంగతి మాత్రమే ఆ వాక్యం చెబుతోంది. సూత్రంలోకి వచ్చే Lx, Rx మాత్రం ఆ క్షణంలో, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కాయిల్‌కు ఉన్న విలువలు. తరాజు ఏ పూటైనా ఒకేలా తూచుతుంది, కానీ తడిసిన పత్తి బరువు పొద్దున్నా మధ్యాహ్నమూ ఒకటి కాదు కదా.

ఆ 18 ఓమ్‌ల తేడా ఇనప కోర్‌ది. ఏసీ పారినప్పుడు కోర్‌లో ఎడ్డీ కరెంట్లు పుట్టి వేడెక్కిస్తాయి, కోర్ అయస్కాంతత్వం అటూ ఇటూ తిరగడంలో పోయే హిస్టరిసిస్ నష్టం దానికి తోడవుతుంది. ఆ నష్టాన్ని బ్రిడ్జి కాయిల్‌కు ఉన్న అదనపు నిరోధంగానే చూస్తుంది. మల్టీమీటర్ పంపేది డీసీ కాబట్టి దానికి రాగి తీగ ఒక్కటే కనిపిస్తుంది.

కర్నూలు కోట: అయితే నా బ్యాటరీ మాట తప్పంటారా? మాక్స్‌వెల్ కాలంలో ఆసిలేటర్లు ఎక్కడివి మేడం?

కడప మేడం: మంచి ప్రశ్న వేశారు, సగం మీదే గెలుపు. బ్యాటరీ పెట్టి కరెంటు నిలకడగా పారనిస్తే కాయిల్ ఉత్త తీగ అయిపోతుంది, కెపాసిటర్ తెగిన దారి అయిపోతుంది. అప్పుడు మిగిలేది నాలుగు రెసిస్టర్ల మామూలు వీట్‌స్టన్ బ్రిడ్జి. Rx వస్తుంది, అదీ ఆ 62. Lx గురించి ఒక్క ముక్క తెలియదు.

కానీ స్విచ్ వేసిన క్షణం, తీసిన క్షణం వేరు. అప్పుడు కరెంటు మారుతోంది కాబట్టి కాయిల్, కెపాసిటర్ రెండూ పనిచేస్తాయి. నిరోధాలు కుదిరి ఇండక్టెన్స్ కుదరకపోతే గాల్వనోమీటర్ ముల్లు ఒకసారి ఎగిరి మళ్లీ సున్నాకు వస్తుంది. రెండూ కుదిరితే స్విచ్ వేసినా తీసినా ముల్లు కదలదు. మాక్స్‌వెల్ 1873 నాటి తన గ్రంథంలో చెప్పింది ఇలాంటి బ్యాటరీ పద్ధతే. ఏసీతో వాడటం తర్వాత వచ్చింది, దాన్ని తెచ్చిన వీన్ పేరు కూడా అందుకే కలిపి చెబుతారు. సూత్రంలో ఫ్రీక్వెన్సీ లేదు గనుకే ఇది సాధ్యం: ఏ ఆకారంలో మారే కరెంటుకైనా బ్రిడ్జి కుదిరే ఉంటుంది. ఇనప కోర్ లేని కాయిల్‌కైతే ఇది దాదాపు అక్షరాలా నిజం.

అనంతపురం అక్షరాలు: వాడి రీడింగ్ నిజంగా కోర్ వల్లే మారిందని ఎలా తెలుస్తుంది? కనెక్షన్ వదులుగా ఉన్నా అంకె మారుతుంది కదా.

కడప మేడం: ఆసిలేటర్‌ను 500 హెర్ట్జ్‌కు తగ్గించి మళ్లీ కుదర్చమనండి. అదనపు 18 ఓమ్‌లు పూర్తిగా ఎడ్డీ కరెంట్లవే అయితే ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడు అవి నాలుగో వంతుకు పడిపోతాయి, Rx 66.5 దగ్గరికి వస్తుంది. పూర్తిగా హిస్టరిసిస్‌వే అయితే సగమవుతాయి, 71 వస్తుంది. అంటే శబ్దం ఆగే R1 సుమారు 14,000కీ 15,000కీ మధ్య ఎక్కడో ఉండాలి. 12,500 దగ్గరే మొండిగా ఆగితే వదులు కనెక్షన్‌నే అనుమానించాలి.

ఇంకో గుర్తు: ఇనప కోర్ ఉంటే శబ్దం పూర్తిగా ఆగదు. అసలు స్వరం పోయాక కూడా సన్నగా, ఎత్తుగా ఒక కీచు మిగులుతుంది. కోర్ కరెంటును వంకర చేసి పుట్టించే హార్మోనిక్స్ అవి. ఆసిలేటర్ సౌండ్ పెంచితే ఆగే చోటు కూడా జరుగుతుంది.

కర్నూలు కోట: మా రోజుల్లో ఒక నాబ్ తిప్పితే శబ్దం తగ్గేది, రెండోది తిప్పగానే మళ్లీ పెరిగేది. గంటసేపు అదే ఆట. అది కూడా కోరేనా?

కడప మేడం: అది కోర్ కాదు. మీ ల్యాబ్‌లో కెపాసిటర్ మార్చే వీలు లేక R2ను తిప్పి ఉంటారు. R2 రెండు సూత్రాల్లోనూ ఉంది కదా, ఒకటి కుదిర్చితే రెండోది చెడుతుంది. C1, R1 తిప్పే ఏర్పాటు ఉంటే ఈ బాధ ఉండదు, C1 ఇండక్టెన్స్‌ను ఒక్కదాన్నే, R1 నిరోధాన్ని ఒక్కదాన్నే చూసుకుంటాయి.

తాడిపత్రి వైండింగ్: నా సంగతి ఎవరూ చెప్పలేదు.

కడప మేడం: మన్నించండి. షార్ట్ అయిన చుట్టు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలా పనిచేస్తుంది. అందుకే ఏసీ బ్రిడ్జిలో ఇండక్టెన్స్ తగ్గుతుంది, నిరోధం పెరుగుతుంది. రోటర్ తీసి, మూడు ఫేజులూ ఒక్కొక్కటిగా కొలిచి పోల్చండి. రోటర్ లోపలే ఉంటే అదే ఒక పెద్ద షార్ట్ సెకండరీ, మీ ఒక్క చుట్టు దాని ముందు మరుగున పడిపోవచ్చు. ఎన్ని చుట్లు పోతే ఎంత తేడా వస్తుందో మోటారును బట్టి ఉంటుంది, నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

తాడిపత్రి వైండింగ్: రోటర్ ఎట్లా తీసేదే. మంచి స్టేటర్ ఒకటి పక్కన పెట్టుకొని చూస్తా.

అనంతపురం అక్షరాలు: అయితే వాక్యాన్ని “సంతులన సమీకరణాలలో పౌనఃపున్యం ఉండదు” అని మార్చి రాస్తే నయం కదా?

కర్నూలు కోట: ముందు ఆ పౌనఃపున్యాన్ని ఫ్రీక్వెన్సీ చేయండి, మిగతాది తర్వాత.

కడప మేడం: ఆ మాటకు నేను ఒప్పుకోను, పరీక్షలో ఆ పదమే అడుగుతారు. వాక్యం మార్పు బాగుంది. అయితే కిందనే “కాయిల్ విలువలు కొలిచిన ఫ్రీక్వెన్సీ రాయాలి” అని కూడా చేర్చమనండి. తమ్ముడి రికార్డులో 80 ఓమ్‌ల పక్కన 1000 హెర్ట్జ్ లేకపోతే ఆ అంకెతో పనే లేదు.