టీవీ మెనూ తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనే ఉండాలా?

బ్రాడీపేట కోడలు:
మా అత్తగారు తెలుగు మాత్రమే చదవగలరు. మాది గూగుల్ టీవీ ఉన్న టీవీ కాబట్టి మెనూను తెలుగులోకి మార్చాను. అయితే సినిమాల యాప్ ఒకటి ఇంగ్లీషులోనే ఉండిపోయింది, ఛానళ్ల పట్టీ కూడా మారలేదు. వెంటనే పాత పద్ధతికి మార్చేయమని మా మరిది పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

గుణదల మెకానిక్:
మీరు చేసిన మార్పు సరైనదే, కాకపోతే అది టీవీ వరకే వర్తిస్తుంది. మీ గదిలోని ఆ ఒక్క తెర మీద ముగ్గురి మెనూలు కనిపిస్తున్నాయి. మొదటిది టీవీది, రెండవది ఒక్కో యాప్‌ది, మూడవది సెట్‌టాప్ బాక్సుది. Settings లో System, దాని లోపల Language దగ్గర మార్చినప్పుడు మొదటిది మారుతుంది. యాప్‌లలో కొన్ని టీవీని అనుసరిస్తాయి, కొన్ని తమ సొంత అమరికనే నమ్ముకుంటాయి. యూట్యూబ్‌కు దాని Settings లోపలే భాషకు ఒక వరుస ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ అయితే భాషను టీవీకి కాకుండా ప్రొఫైల్‌కు కట్టి ఉంచుతుంది. ఫోను బ్రౌజరులో ఖాతా తెరిచి, అత్తగారి ప్రొఫైల్‌లో Languages మార్చి, టీవీలో ఒకసారి వేరే ప్రొఫైల్‌లోకి వెళ్ళి తిరిగి వస్తే మార్పు కనిపిస్తుంది. అందుకే ఆమెకు విడిగా ఒక ప్రొఫైల్ పెట్టండి, లేకపోతే అదే ప్రొఫైల్ వాడుతున్న మీ ఫోనులో కూడా భాష మారిపోతుంది. ఏ యాప్ అయినా తయారీదారులు అనువదించిన భాషలనే చూపిస్తుంది, అందువల్ల తెలుగు సినిమాలు ఎన్ని ఉన్నా దాని మెనూ భాషల జాబితాలో తెలుగు ఉంటుందన్న హామీ లేదు. ఛానళ్ల పట్టీ బాక్సు నుంచి వస్తుంది కనుక దానిని బాక్సు రిమోట్‌తో బాక్సు మెనూలోనే మార్చాలి.

పటమట పంతులు:
ముప్పై ఏళ్ళు తెలుగు బోధించిన వాడిగా చెబుతున్నాను, మెనూ తెలుగులో పెట్టడం సరైన పని, వెనక్కి మార్చవద్దు. పైగా మెనూ తెలుగులో పెట్టినంత మాత్రాన సినిమాలు కూడా తెలుగు మాటలతోనే వస్తాయి. మా మనుమడు మార్చిన రోజు నుంచి మా ఇంట్లో అలాగే వస్తున్నాయి.

గుణదల మెకానిక్:
పంతులుగారూ, మీ ఇంట్లో జరిగినది నిజమే కావచ్చు, కానీ దానిని నియమంగా చెప్పడం సరికాదు. కొన్ని యాప్‌లు ప్రొఫైల్ భాషను చూసి, తెలుగు శబ్దం ఉన్న సినిమాకు దానినే ముందుగా ఎంచుతాయి. చాలా వాటిలో మాత్రం శబ్దం, ఉపశీర్షికలు, మెనూ వేటికవే. సినిమా నడుస్తుండగా ఆడియో గుర్తు దగ్గర విడిగా ఎంచుకోవలసిందే.

మిర్చియార్డు:
మా టీవీలో తెలుగు వార్తా ఛానళ్ళు రెండు రావడం లేదు. భాష మారిస్తే వస్తాయా?

గుణదల మెకానిక్:
రావండి. అది మీరు కట్టే ప్యాకేజీకి సంబంధించిన విషయం, కేబుల్ ఆపరేటర్‌ను అడగండి.

తెనాలి అబ్బాయి:
నేను హైదరాబాద్‌లో ఉంటాను, మా అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. ఎవరో బంధువు వచ్చి వాళ్ళ టీవీని తెలుగులోకి మార్చి వెళ్ళారు. తరువాత వైఫై తెగిపోతే నేను ఫోనులో "నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ నొక్కు" అంటాను, అమ్మ "అలాంటిది ఇక్కడ లేదు" అంటుంది. కంపెనీ సహాయ కేంద్రం వారు కూడా ఇంగ్లీషు పేర్లే చెప్పారు. చివరికి పక్కింటి కుర్రవాడు ఇంగ్లీషు తెప్పించడానికి ఏకంగా ఫ్యాక్టరీ రీసెట్ చేశాడు. భాష అయితే వచ్చింది, కానీ ఖాతాలన్నీ పోయాయి, పాస్‌వర్డులన్నీ మళ్ళీ కొట్టించడానికి రెండు రాత్రులు పట్టింది. బాగుచేసే వారికి తెలిసిన భాషలోనే మెనూ ఉండాలని అందుకే అంటున్నాను.

గుణదల మెకానిక్:
భాష కోసం రీసెట్ ఎన్నడూ చేయకూడదు. భాషల జాబితాలో ప్రతి పేరూ దాని సొంత లిపిలోనే ఉంటుంది, తెలుగు మెనూలో ఉన్నా English అనే మాట ఇంగ్లీషులోనే కనిపిస్తుంది. కష్టమంతా ఆ జాబితా దాకా చేరడమే. నేను ఎవరి ఇంట్లోనైనా భాష మార్చే ముందు పళ్ళచక్రం గుర్తు నుంచి ఆ జాబితా దాకా బాణం బొత్తాన్ని ఎటువైపు ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టి, కాగితం మీద రాసి రిమోట్ వెనుక అంటిస్తాను. అమరికల వరుసలు మామూలుగా భాషను బట్టి తారుమారు కావు కనుక ఆ లెక్క తిరుగు ప్రయాణానికి కూడా పనికివస్తుంది. ఒక్క యాప్‌ల జాబితా మాత్రం పేర్ల అక్షరక్రమాన్ని బట్టి మారవచ్చు, అక్కడ లెక్కను నమ్మకూడదు. పెద్ద అప్‌డేట్ తరువాత మళ్ళీ లెక్కించాలి. ఇంకొక మాట, భాష మార్చిన వెంటనే మైకు బొత్తం నొక్కి చూడండి. టీవీలో మాట గుర్తింపు ఆ భాషలో లేకపోతే మైకు మూగబోతుంది, చాలామంది దానిని రిమోట్ చెడిపోవడం అనుకుంటారు.

పటమట పంతులు:
తెనాలి బాబూ, నీకు ఫోనులో చెప్పడం సులభం కావాలని మీ అమ్మగారు రోజంతా తనకు అర్థం కాని అక్షరాల ముందు కూర్చోవాలా? బాగుచేయడం నెలకు ఒకసారి, చూడడం ప్రతి పూటా.

తెనాలి అబ్బాయి:
పంతులుగారూ, మీరు మా ఇంటి సంగతి తెలియకుండా మాట్లాడుతున్నారు. తెలుగు మెనూ అమ్మకు అర్థమైందని మీకెవరు చెప్పారు? "క్యాస్ట్", "ఇన్‌పుట్" వంటి మాటలను తెలుగు అక్షరాలతో రాసినంత మాత్రాన అవి తెలుగు అవుతాయా? పొడవైన మాటలు సగంలో తెగి చుక్కలుగా మిగులుతాయి, ఒత్తులున్న చిన్న అక్షరాలు సోఫా దగ్గరి నుంచి కనిపించవు. ఆ టీవీ చెడితే రాత్రి పదింటికి ఫోను మోగేది నాకే, మీకు కాదు.

పటమట పంతులు:
టీవీ మీ అమ్మగారిది, నిర్ణయం మాత్రం నీది. నాకు అభ్యంతరం అక్కడే ఉంది. మా పిల్లలు కూడా నా టీవీని నన్ను అడగకుండానే ఇంగ్లీషులో పెట్టి వెళ్ళారు, మనుమడు వచ్చే దాకా ఏడాది పాటు నేను రెండు బొత్తాలతోనే గడిపాను.

తెనాలి అబ్బాయి:
అమ్మను అడగలేదన్న మాట నిజమే. అడిగినా భారం నా మీదే ఉంటుందన్నది కూడా నిజమే.

బ్రాడీపేట కోడలు:
ఇది చదివాక నిన్న రాత్రి మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఆమె మెనూ చదవనే చదవరట. ఏ బొమ్మ ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని వెళతారట, భాష మారినా బొమ్మల స్థానాలు మారలేదు కనుక ఆమెకు తేడా తెలియలేదు. ఆమెను భయపెట్టేవి మధ్యలో పెట్టె కట్టి వచ్చే ప్రశ్నలు. అప్‌డేట్ చేయాలా, ఖాతా నుంచి బయటికి వెళ్ళాలా అని టీవీ అడిగితే ఏది నొక్కితే ఏమవుతుందోనని టీవీ ఆపేసి మా కోసం ఎదురుచూస్తారట. తెలుగులో పెట్టాక అలాంటి పెట్టె ఒకసారి వచ్చింది, తానే చదువుకుని "రద్దు చేయి" నొక్కారట. కానీ సందేశాల్లో కొన్ని ఇప్పటికీ ఇంగ్లీషులోనే వస్తున్నాయి.

గుణదల మెకానిక్:
అవి చాలావరకు బాక్సువి అయి ఉంటాయి. సందేశం వచ్చినప్పుడు టీవీ రిమోట్‌లోని ఇన్‌పుట్ బొత్తం నొక్కి వేరే హెచ్‌డీఎంఐకి మార్చి చూడండి. మాయమైతే అది బాక్సు పంపినది. చందా గడువు ముగిసిందని చెప్పేది బాక్సు, దానికి టీవీ భాషతో పని లేదు. సిగ్నల్ లేదని చెప్పేది మామూలుగా టీవీయే, ఇప్పుడు అది తెలుగులో వస్తుంది, అప్పుడు బాక్సు స్విచ్ చూసుకుంటే చాలు.

తెనాలి అబ్బాయి:
ఆ పెట్టెల సంగతి నాకు తట్టలేదు. అమ్మ ఫోను చేసేది కూడా చాలాసార్లు వాటి గురించే. అయినా నేను దగ్గర లేనప్పుడు తెలుగులోకి మార్చడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు. దసరాకు వెళ్ళినప్పుడు బొత్తాల లెక్క రాసి, అమ్మ ముందే మార్చి చూస్తాను.

పటమట పంతులు:
ముందు అమ్మగారిని అడిగి మార్చు బాబూ.

బ్రాడీపేట కోడలు:
మా మరిది ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ప్రొఫైల్ ఇంగ్లీషులోనే ఉంచాను, టీవీ మెనూ మాత్రం తెలుగులోనే ఉంది.